మొత్తానికి 0.82, కథనానికి 0.57: వ్యాసాలు దిద్దే యంత్రాన్ని రకం వారీగా పరీక్షించడం

వ్యాసాలకు మార్కులు వేసే సాఫ్ట్‌వేర్ గురించి చెప్పేటప్పుడు సాధారణంగా ఒకే ఒక్క అంకె ముందుకొస్తుంది. ‘మా టూల్‌కూ టీచర్లకూ 98 శాతం పొత్తు కుదిరింది’ అనో, ‘కప్పా విలువ 0.82’ అనో చెబుతారు. కప్పా అంటే ఇద్దరు వేసిన మార్కులు ఎంతవరకు కలిశాయో చెప్పే కొలత, పూర్తిగా కలిస్తే 1. ఆ అంకె అబద్ధం కాకపోవచ్చు. కానీ లేఖ, వాదన వ్యాసం, కథనం లాంటి వేర్వేరు రచనలన్నిటినీ ఒకే కుప్పలో పోసి లెక్క తీస్తే, ఒక రకంలో యంత్రం పూర్తిగా తడబడుతున్నా ఆ సంగతి పైకి తేలదు. ఎందుకు తేలదో, తేలేలా లెక్క ఎట్లా చేయాలో ఒక ఉదాహరణతో చూద్దాం.

తెలంగాణ పదో తరగతి తెలుగు పేపర్లో సృజనాత్మకత కింద లేఖ, కరపత్రం, సంభాషణ, కథ లాంటివి రాయమంటారు. ఆ పద్ధతికే అలవాటు పడుతున్న నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల తొమ్మిదో తరగతి పిల్లలు రాసిన 150 రచనలు మన దగ్గర ఉన్నాయనుకుందాం. కింద వచ్చే అంకెలన్నీ లెక్క విప్పి చూపడానికి కూర్చినవే, ఏ బడిలోనూ సేకరించినవి కావు. మూడు రకాలు, ఒక్కో రకానికి 50. మొదటిది, ఊరికి బస్సు వేయమని ఆర్టీసీ డిపో మేనేజర్‌కు లేఖ. రెండోది, ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు ఎందుకు తాగకూడదో ఊరివాళ్లను ఒప్పించే వ్యాసం. మూడోది, వలసపోయిన అమ్మానాన్నలు ఇంటికొచ్చిన రోజు గురించి కథనం. ప్రతిదానికీ 1 నుంచి 5 వరకు స్థాయి ఇవ్వాలి.

యంత్రం సంగతికి ముందు మనుషుల మార్కులు గట్టివో కాదో చూసుకోవాలి. ఏ స్థాయికి రచనలో ఏముండాలో చెప్పే ఒకే రూబ్రిక్‌ను ఇద్దరు టీచర్లకు ఇచ్చి, ప్రతి స్థాయికీ రెండేసి నమూనా రచనలు చూపించి, ఓ ఇరవై ముప్పై పేపర్లు కలిసి దిద్దించి, తేడా వచ్చినచోట మాట్లాడించాలి. ఆ తర్వాత అసలు పేపర్లను ఒకరి మార్కులు ఇంకొకరికి కనపడకుండా విడివిడిగా దిద్దించాలి. ఇద్దరి మధ్య 2 స్థాయిలో అంతకంటే ఎక్కువో తేడా వస్తే మూడో వ్యక్తి తీర్పు చెబుతారు. ఇక్కడ చాలామంది ఒక పని మరిచిపోతారు: మూడో వ్యక్తి తీర్పు వచ్చాక కూడా మొదటి ఇద్దరూ వేసిన మార్కులను చెరపకుండా వేరే కాలమ్‌లలో ఉంచాలి. ఇద్దరు మనుషులు తమలో తాము ఎంతవరకు ఏకీభవించారో చెప్పేవి అవే. సర్దుబాటు చేసిన మార్కులు మాత్రమే మిగిల్చుకుంటే, యంత్రాన్ని దేనితో పోల్చాలో ఆ కొలతే చేతిలో ఉండదు.

ఇప్పుడు కొలత విషయం. యంత్రమూ మనిషీ అచ్చంగా ఒకే మార్కు వేసిన శాతం, ఒక్క మార్కు తేడాలోపు వేసిన శాతం అందరికీ అర్థమయ్యేవే. కానీ 5 స్థాయిల కొలమానంలో ప్రతి పేపరుకూ కళ్లు మూసుకుని 3 వేసినా, ఒక్క మార్కు తేడాలోపు ఒప్పందం బాగా ఎక్కువగానే కనపడుతుంది, ఎందుకంటే పిల్లల్లో ఎక్కువమంది 2, 3, 4ల్లోనే ఉంటారు. అందుకే యాదృచ్ఛికంగా కలిసే భాగాన్ని తీసేసి లెక్కించే ‘క్వాడ్రాటిక్ వెయిటెడ్ కప్పా’ను ఈ రంగంలో వాడతారు. జేకబ్ కోహెన్ 1960లో మామూలు కప్పాను, 1968లో దాని భారిత రూపాన్ని ప్రతిపాదించారు. 2012లో హ్యూలెట్ ఫౌండేషన్ డబ్బుతో, డేటా పోటీలు నడిపే కాగుల్ వేదిక మీద జరిగిన వ్యాసాల మార్కింగ్ పోటీలోనూ ఇదే కొలతతో గెలుపోటములు తేల్చారు.

సూత్రం చూడటానికి భయపెట్టేదే అయినా, దాన్ని ఇట్లా రాసుకుంటే చేత్తోనే చేయొచ్చు:

```
QWK = 1 - D / (Vh + Vm + (Mh - Mm)^2)
```

`D` అంటే ఒక్కో పేపరుకు మనిషి మార్కుకూ యంత్రం మార్కుకూ ఉన్న తేడాను వర్గం చేసి తీసిన సగటు. `Vh`, `Vm` ఇద్దరి మార్కులూ తమ సగటు చుట్టూ ఎంత చెదిరాయో చూపే విస్తృతులు, `Mh`, `Mm` సగటులు. లవంలో ఉన్న `D` నిజంగా జరిగిన తప్పు. హారంలో ఉన్నది, ఇద్దరూ తమ తమ అలవాటు ప్రకారం మార్కులు వేస్తూ ఏ పేపరుకు ఏది వేస్తున్నారో చూసుకోకపోతే జరిగే తప్పు. హారంలో విస్తృతి కూర్చుని ఉందన్న సంగతి గుర్తుంచుకోవాలి, అసలు మెలిక అక్కడే ఉంది.

కథనాలకు ఈ లెక్క చేద్దాం. అడ్డు వరుసలో మనిషి మార్కు, నిలువు వరుసలో యంత్రం మార్కు:

```
         M=1  M=2  M=3  M=4  M=5
H=1       0    2    0    0    0
H=2       0    4    6    0    0
H=3       0    2   12    2    0
H=4       0    0    8    6    0
H=5       0    0    3    4    1
```

అచ్చంగా కలిసినవి 23, అంటే 46 శాతం. ఒక్క మార్కు తేడాలోపు ఉన్నవి 47, అంటే 94 శాతం. ఈ 94ను బ్రోచర్ మీద వేసుకోవచ్చు. ఇప్పుడు తేడాల వర్గాలు కూడితే 36 వస్తుంది, 50తో భాగిస్తే 0.72. మనిషి సగటు 3.32, విస్తృతి 1.18. యంత్రం సగటు 3.12, విస్తృతి 0.47. సగటుల తేడా 0.20, దాని వర్గం 0.04. హారం సుమారు 1.68. కప్పా 0.57.

లేఖలకు ఇదే లెక్క చేస్తే, 50లో 40 అచ్చంగా కలిసి, మిగిలిన 10 ఒక్క మార్కు అటూ ఇటూ అయ్యాయనుకుందాం. మనిషి సగటు 4.1, విస్తృతి 0.49, యంత్రానికీ అంతే. కప్పా 0.80. ఫ్లోరైడ్ వ్యాసాల్లో 30 అచ్చంగా కలిసి, 20 ఒక్క మార్కు తప్పాయనుకుందాం. సగటు 2.6, విస్తృతి 1.12, యంత్రానికీ అంతే. కప్పా 0.82.

మూడింటినీ కుప్ప పోయండి. 150 పేపర్లలో అచ్చంగా కలిసినవి 62 శాతం, ఒక్క మార్కు తేడాలోపు 98 శాతం. తేడాల వర్గాల మొత్తం 66, సగటు 0.44. మూడు రకాల సగటుతో పోలిస్తే మనిషి విస్తృతి 0.93 నుంచి 1.30కి పెరిగింది, యంత్రం విస్తృతి 0.69 నుంచి 1.08కి పెరిగింది. హారం 2.39. కప్పా 0.82.

మూడు రకాల కప్పాల సగటు 0.73 మాత్రమే, కుప్పలో అది 0.82 అయింది. ఇందులో ఎవరి మోసమూ లేదు. లేఖలకు అందరూ ఎక్కువ మార్కులు వేశారు, ఫ్లోరైడ్ వ్యాసాలకు తక్కువ వేశారు. లేఖ ఏదో, వ్యాసం ఏదో తెలిస్తే చాలు, ఎక్కువ తక్కువలు కొంతవరకు కలిసిపోతాయి. రకాల మధ్య ఉన్న ఆ ఎడం హారంలో విస్తృతిని పెంచింది, కాబట్టి తప్పులు చిన్నవిగా కనపడ్డాయి. యంత్రం కథనాన్ని అర్థం చేసుకోకుండానే కథనాల మార్కులకు కూడా ఆ మెప్పు దక్కింది. అందుకే ఏ టూల్ నివేదికలోనైనా మొత్తం కప్పా ఒక్కటే ఉండి రకం వారీగా వరుసలు లేకపోతే, ఆ నివేదిక ఇంకా పూర్తికాలేదనే అనుకోవాలి.

0.57 ఉంటే చాలదా అన్న ప్రశ్నకు సమాధానం ఆ అంకెలో ఉండదు, పక్కన మనుషుల ఒప్పందం పెట్టి చూడాలి. అమెరికాలో పరీక్షలు నడిపే ఈటీఎస్ సంస్థ పరిశోధకులు విలియమ్సన్, షీ, బ్రేయర్ 2012లో ప్రచురించిన చట్రం ఇప్పటికీ ఎక్కువమంది పాటించేది. దాని ప్రకారం యంత్రానికీ మనిషికీ మధ్య కప్పా, సహసంబంధం కనీసం 0.70 ఉండాలి. మనిషికీ మనిషికీ ఉన్న ఒప్పందం కంటే అది 0.10కి మించి తగ్గకూడదు. సగటుల తేడాను ప్రామాణిక విచలనంతో భాగిస్తే 0.15 దాటకూడదు. పిల్లల్లో ఏదైనా ఒక వర్గాన్ని విడిగా తీసుకున్నప్పుడు ఆ తేడా 0.10 లోపే ఉండాలి. కథనాల్లో ఇద్దరు టీచర్ల మధ్య కప్పా 0.78 ఉందనుకుంటే, యంత్రం దగ్గరికి వచ్చేసరికి 0.21 పడిపోయింది. సగటుల తేడా 0.20ను ఇద్దరి ఉమ్మడి ప్రామాణిక విచలనం 0.91తో భాగిస్తే 0.22. మూడు గీతలనూ దాటింది. కుప్ప లెక్కలో అదే తేడా 0.06, హాయిగా పాసవుతుంది.

ఇందుకు ఉల్టా సంగతి కూడా ఉంది. ఏదైనా రకంలో టీచర్ల మధ్యే 0.60 ఉంటే, యంత్రం 0.58 తెచ్చుకున్నందుకు యంత్రాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. అక్కడ రూబ్రిక్‌నో, శిక్షణనో సరిచేసుకోవాలి. కథనాల్లో ఇది తరచూ జరుగుతుంది, ఎందుకంటే ‘భావం హత్తుకునేలా ఉంది’ అన్న వాక్యాన్ని ఇద్దరు టీచర్లు రెండు రకాలుగా చదువుతారు. ‘జరిగింది ఏమిటో, ఎవరికి జరిగిందో, చివరికి ఏమైందో తెలుస్తోంది’ అని రాస్తే ఒప్పందం పెరుగుతుంది.

మరో చిక్కు ఉంది. యంత్రాన్ని ఇద్దరు టీచర్ల సగటుతో పోల్చి, ఆ అంకెను టీచర్ల మధ్య అంకె పక్కన పెట్టి ‘యంత్రమే మేలు’ అనే నివేదికలు వస్తుంటాయి. ఇద్దరి సగటులో ఒక్కొక్కరి పొరపాట్లు కొంత కొట్టుకుపోతాయి కాబట్టి, దానితో పోల్చినప్పుడు ఎవరి అంకైనా పెరుగుతుంది. మొదటి టీచరుతో రెండో టీచరును పోల్చారా, అయితే యంత్రాన్ని కూడా ఆ మొదటి టీచరుతోనే పోల్చాలి.

లెక్క కోసం పెద్ద సరంజామా అక్కర్లేదు. `type`, `h1`, `h2`, `m` అనే నాలుగు కాలమ్‌ల పట్టిక pandasలో `df` పేరుతో ఉంటే ఇది చాలు:

```python
from sklearn.metrics import cohen_kappa_score as k
for t, g in df.groupby("type"):
    print(t, len(g),
          k(g.h1, g.h2, weights="quadratic"),
          k(g.h1, g.m, weights="quadratic"),
          g.h1.corr(g.m),
          g.m.std() / g.h1.std())
```

యంత్రం 3.4, 2.7 లాంటి దశాంశాలు ఇస్తే కప్పాకు ముందు వాటిని పూర్ణాంకాలు చేయాలి. కానీ అసలు దశాంశాలను పారేయకూడదు. సగటుల తేడా, సహసంబంధం వాటితో లెక్కిస్తేనే నికరంగా ఉంటాయి.

చివరి అంకె, అంటే విచలనాల నిష్పత్తి, ఎక్కువమంది చూడనిది. మన కథనాల్లో అది 0.682ని 1.085తో భాగిస్తే వచ్చే 0.63. యంత్రం మార్కులన్నీ మధ్యకు ముడుచుకుపోయాయని దానర్థం. పట్టికలో చూడండి: మనిషి 5 వేసిన 8 కథనాల్లో యంత్రం 5 వేసింది ఒక్కదానికే. మనిషి 1 వేసిన రెండింటికీ అది 2 వేసింది. ఏది మంచి కథనమో తేల్చుకోలేనప్పుడు సగటుకు దగ్గరగా వేస్తే తప్పు తక్కువవుతుందని యంత్రం నేర్చుకుంటుంది. బాగా రాసిన పిల్లకు దక్కాల్సిన రెండు మార్కులు అక్కడే పోతాయి.

ఈ ముడుచుకుపోవడాన్ని చూసి ‘సాగదీస్తే సరిపోతుంది’ అంటారు కొందరు. అంటే యంత్రం మార్కుల సగటునూ విచలనాన్నీ మనిషి మార్కులకు సమానమయ్యేలా మార్చడం. అది ఎంతవరకు పనిచేస్తుందో ముందే చెప్పొచ్చు. సగటులూ విచలనాలూ సమానమైపోతే కప్పా సహసంబంధానికి సమానమవుతుంది. మన కథనాల్లో సహసంబంధం 0.65. అంటే ఎంత సాగదీసినా 0.57 నుంచి 0.65 దాకా వస్తుందే కానీ, టీచర్ల 0.78 దగ్గరికి రాదు. మిగిలిన లోటంతా వరుస తప్పడం వల్ల వచ్చింది: బాగున్న కథనాన్ని కిందా, బాగాలేనిదాన్ని పైనా పెట్టడం. దానికి లెక్కల మందు లేదు, పేపర్లు తీసి చదవాలి.

చదవాల్సినవి పట్టికలో మార్కులు కలవని గళ్లలో ఉన్నవి. మనిషి 5, యంత్రం 3 వేసిన మూడు పేపర్లు, మనిషి 2, యంత్రం 3 వేసిన ఆరు పేపర్లు. దక్షిణ తెలంగాణ పిల్లల కథనాల్లో ఇట్లాంటి తేడాకు కారణం కావడానికి ఎక్కువ అవకాశమున్నవి రెండు.

మొదటిది మాటల తీరు. వలస కథనంలో పిల్ల ఇట్లా రాస్తుంది: ‘‘అమ్మ ఎప్పుడొస్తదవ్వా అని అడిగితే, దసరాకు ఒస్తది బిడ్డా అన్నది.’’ మనుషుల మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసినందుకు టీచర్ మెచ్చుకుంటారు. పత్రికల భాష, పాఠ్యపుస్తకాల భాష మీద తర్ఫీదైన యంత్రానికి ‘ఒస్తది’ అక్షరదోషం, ‘అన్నది’ పక్కన ‘పోయిండు’ వస్తే అది ఇంకో దోషం. లేఖలో ఈ సమస్య రాదు, ఎందుకంటే డిపో మేనేజర్‌కు రాసేటప్పుడు పిల్లలు తమంతట తామే పుస్తక భాషలోకి మారతారు. కాబట్టి మాండలికం వల్ల వచ్చే నష్టం కథనంలోనే పోగుపడుతుంది. దీన్ని తేల్చడానికి సులువైన పరీక్ష ఉంది. అట్లాంటి 20 కథనాలు తీసుకుని, సంభాషణల్లోని ‘ఒస్తది’ని ‘వస్తుంది’ అని, ‘పోయిండు’ను ‘వెళ్లాడు’ అని మార్చి, ఇంకేమీ ముట్టుకోకుండా యంత్రానికి మళ్లీ ఇవ్వాలి. మార్కులు పెరిగితే అది భాషా రూపానికి పడిన కోత, రచనకు పడింది కాదు. నల్లగొండ పిల్లల మీద, మహబూబ్‌నగర్ పిల్లల మీద, తెలుగు ఇంటి భాష కాని లంబాడా తండాల పిల్లల మీద ఈ కోత ఎంతెంత పడుతోందో విడివిడిగా చూడాలి. ఒక్కో వర్గానికి విడిగా ఇందాక చెప్పిన 0.10 గీత అందుకే ఉంది.

రెండోది పొడవు. పొడవుగా రాసినవాళ్లకు మనుషులూ కొంత ఎక్కువే వేస్తారు, అందులో తప్పులేదు. కానీ వ్యాసంలో పొడవు పెరిగితే కారణాలూ ఉదాహరణలూ పెరిగే అవకాశం ఉంది, కథనంలో పొడవు పెరిగితే ఉపోద్ఘాతం పెరగొచ్చు. మనిషి 2, యంత్రం 3 వేసిన పేపర్లలో ‘తల్లిదండ్రులు ప్రత్యక్ష దైవాలు’ అంటూ పేజీ నిండా సాగి, ఇంటికొచ్చిన రోజు ఏం జరిగిందో ఒక్క ముక్క లేకపోవడం కనపడితే కారణం దొరికినట్టే. దాన్ని నిర్ధారించడానికి, ఒక కథనంలో చివరి పేరాను రెండుసార్లు అతికించి యంత్రానికి ఇవ్వాలి, ఇంకోదాంట్లో పేరాల వరుస తారుమారు చేసి ఇవ్వాలి. మొదటిదానికి మార్కు పెరిగినా, రెండోదానికి మార్కు తగ్గకపోయినా, యంత్రం కథనాన్ని కథనంగా చదవడం లేదు. ఎంఐటీకి చెందిన లెస్ పెరెల్‌మన్ అర్థంలేని ఇంగ్లిష్ వ్యాసాలను పుట్టించే ‘బేబెల్’ అనే ప్రోగ్రామ్‌తో ఇట్లాంటి పరీక్షే చేసి, పెద్ద పదాలూ పొడవూ ఉంటే కొన్ని యంత్రాలు మంచి మార్కులిస్తాయని చూపించారు.

ఒప్పందం బాగున్న రకాలను కూడా ఈ పరీక్షలకు గురిచేయడం మంచిది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. ఓ పది మంచి వ్యాసాల్లో దాన్ని 15 అని మార్చి ఇస్తే, విషయం తెలిసిన టీచర్ పట్టుకుంటారు. యంత్రం మార్కు కదలకపోతే, 0.82 ఉన్న రకంలో కూడా అది విషయాన్ని చూడటం లేదని తేలుతుంది.

లేఖల 0.80ను అయితే ఇంకా అనుమానంగా చూడాలి. పిల్లలు లేఖలను గైడ్‌లోంచి బట్టీ పడతారు. ఒకే బడిలో ఒకే గైడ్ చదివిన పాతికమంది లేఖలు దాదాపు ఒకేలా ఉంటాయి. అందులో కొన్ని యంత్రానికి నేర్పే కుప్పలోకి, కొన్ని పరీక్షించే కుప్పలోకి వెళితే, యంత్రం ముందే చూసిన లేఖకే మార్కు వేస్తున్నట్టు. పేపర్లను యాదృచ్ఛికంగా విడదీయకుండా బడి మొత్తాన్ని ఒకే వైపు ఉంచాలి. మిర్యాలగూడ బడుల పేపర్లతో నేర్పితే జడ్చర్ల బడుల పేపర్లతో పరీక్షించాలి. వీలైతే అంశం కూడా మారాలి: బస్సు లేఖతో నేర్పి, వీధి దీపాల లేఖతో పరీక్షించాలి. అప్పుడు నిలిచిన కప్పాయే నమ్మదగినది.

పేపర్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే దశలో జరిగే నష్టం గురించి కూడా చెప్పుకోవాలి. చేతిరాతను టైప్ చేసే ఆపరేటర్ అక్షరదోషాలు తనకు తెలియకుండానే దిద్దేస్తారు. మనిషి దిద్దింది తప్పులున్న కాగితం, యంత్రం దిద్దింది తప్పుల్లేని ఫైల్ అయిపోతే పోలికకు అర్థమే ఉండదు. టీచర్లకూ టైప్ చేసిన ప్రతినే ఇవ్వడం ఒక దారి, పదింట ఒక పేపరును ఇంకొకరితో మళ్లీ టైప్ చేయించి సరిపోల్చడం ఇంకో దారి. ఇంకా, ‘వెళ్ళి’, ‘వెళ్లి’ రెండూ వాడుకలో ఉన్నవే, కానీ యంత్రానికి రెండు వేర్వేరు పదాలు. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో కంటికి కనపడని విడదీసే అక్షరం ఒక కీబోర్డులో పడుతుంది, ఇంకో కీబోర్డులో పడదు. రెండు జిల్లాల్లో ఇద్దరు ఆపరేటర్లు రెండు కీబోర్డులు వాడితే, జిల్లాల మధ్య తేడాగా కనపడేది నిజానికి కీబోర్డుల తేడా కావచ్చు. యంత్రానికి ఇచ్చే ముందు వీటిని ఒకే రూపానికి తేవాలి.

మన ఉదాహరణలో ఒక్కో రకానికి 50 పేపర్లే ఉన్నాయి. చేత్తో లెక్కించడానికి అది అనుకూలమే కానీ, నిర్ణయానికి చాలదు. 50 పేపర్లతో వచ్చిన కప్పా, ఇంకో 50 తీసుకుంటే 0.1 అటూ ఇటూ సులువుగా కదులుతుంది. ఒక్కో రకానికి 200 నుంచి 300 పేపర్లు, అన్నీ ఇద్దరు టీచర్లూ దిద్దినవి ఉంటే తేడాలను నమ్మొచ్చు. అన్ని దొరకకపోతే, ఉన్న పేపర్లలోంచే మళ్లీ మళ్లీ, ఒకసారి వచ్చిన పేపర్ మళ్లీ రావచ్చన్న పద్ధతిలో వెయ్యిసార్లు నమూనా తీసి, ప్రతిసారీ కప్పా లెక్కించి, మధ్యలో 95 శాతం ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉన్నాయో నివేదికలో రాయాలి. ఆ హద్దుల్లో 0.70 పడితే, పాసనీ ఫెయిలనీ తేల్చకుండా ఇంకొన్ని పేపర్లు దిద్దించాలి. స్థాయిల సంఖ్య కూడా అన్ని రకాలకూ ఒకటే ఉండాలి. కాగుల్ పోటీలో 8 అంశాలుండగా కొన్నిటికి 0 నుంచి 3, ఒకదానికి 0 నుంచి 60 దాకా కొలమానం ఉంది. అట్లాంటప్పుడు ఒక రకం కప్పాను ఇంకో రకంతో నేరుగా పోల్చడం కుదరదు.

ఈ ఉదాహరణ చేతికొస్తే తీసుకోగల నిర్ణయం ఇది. లేఖలూ ఫ్లోరైడ్ వ్యాసాలూ, బడులు మార్చి చేసిన పరీక్షలో కూడా 0.70 పైన నిలిస్తే, వాటికి ఇద్దరు టీచర్లలో ఒకరి బదులు యంత్రాన్ని పెట్టుకోవచ్చు. యంత్రానికీ టీచరుకూ 2 స్థాయిల తేడా వచ్చిన పేపర్ ఇంకో టీచర్ దగ్గరికి పోవాలి. కథనాలను మాత్రం ఇద్దరు టీచర్లే దిద్దాలి. యంత్రం మార్కును పక్కన నమోదు చేసుకుంటూ పోతే, మాండలికపు సంభాషణలున్న కథనాలతో దానికి మళ్లీ తర్ఫీదు ఇచ్చాక, కొత్త బడుల పేపర్లతో ఇదే పట్టికను మళ్లీ వేసి చూడొచ్చు.